‘నాకు తెలుసు’కు ‘ఇంగ్’ ఎందుకు అతకదు?

మెట్‌పల్లి నుంచి క్యాంపస్ ఇంటర్వ్యూకి వెళ్లిన ఒక బీటెక్ అభ్యర్థి తన గురించి ఇలా చెప్పాడనుకుందాం. ‘ఐ యామ్ బిలాంగింగ్ టు మెట్‌పల్లి. ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్. ఐ యామ్ నోయింగ్ సి అండ్ జావా. ఐ యామ్ బిలీవింగ్ ఇన్ హార్డ్ వర్క్. ఐ యామ్ వాంటింగ్ టు వర్క్ ఇన్ యువర్ కంపెనీ.’

మొత్తం ఐదు వాక్యాలు. అర్థం కానిది ఒక్కటీ లేదు. పదాల్లో తప్పు లేదు, వరసలో తప్పు లేదు. ఐదింటిలోనూ ఉన్నది ఒకటే తప్పు: ‘ఇంగ్’ అవసరం లేని చోట ‘ఇంగ్’ వచ్చింది. అందుకే దీన్ని పట్టుకుంటే ఐదు తప్పులు ఒకేసారి పోతాయి. పట్టుకోవడానికి యాభై క్రియల జాబితా బట్టీ కొట్టక్కర్లేదు. దీనికి కావాల్సిన సగం జ్ఞానం మీ తెలుగులోనే ఉంది.

తప్పు ఎక్కడ పుడుతుంది?

బడిలో మనం నేర్చుకున్నది గుర్తు చేసుకోండి. సింపుల్ ప్రెజెంట్ అంటే రోజూ చేసే పని, ప్రెజెంట్ కంటిన్యూయస్ అంటే ఇప్పుడు జరుగుతున్న పని. ‘నేను రోజూ బస్సులో వెళ్తాను’ మొదటిది, ‘నేను బస్సులో వెళ్తున్నాను’ రెండోది. పనుల వరకు ఈ సూత్రం బాగానే నడుస్తుంది.

ఇప్పుడు ‘నాకు జావా తెలుసు’ అనే వాక్యాన్ని ఈ రెండు గదుల్లో ఒకదాంట్లో పెట్టమంటే? అది రోజూ చేసే పని కాదు. పైగా ఇప్పుడు, ఈ క్షణాన నిజం. అందుకని రెండో గదిలోకి తోసేస్తాం. ‘ఐ యామ్ నోయింగ్’ అలా పుడుతుంది. తప్పు మీ తెలివిలో లేదు, గదులు రెండే ఉన్నాయనుకోవడంలో ఉంది. ‘తెలుసు’ అలవాటూ కాదు, జరుగుతున్న పనీ కాదు. అసలు పనే కాదు. అది ఒక స్థితి. ఇలా స్థితిని చెప్పే క్రియల్నే ఇంగ్లిష్ వ్యాకరణంలో స్టేటివ్ వెర్బ్స్ అంటారు. నో, వాంట్, బిలాంగ్, ఓన్, బిలీవ్, అండర్‌స్టాండ్ లాంటివి ఈ కోవలోవే. వీటికి ఇంగ్లిష్ సింపుల్ ప్రెజెంట్‌నే వాడుతుంది. అంటే సింపుల్ ప్రెజెంట్ గదిలో అలవాట్లతో పాటు స్థితులు కూడా ఉంటాయి. ఈ రెండో సగాన్ని మనకు చాలాసార్లు చెప్పరు.

సాంచె ఆగింది, యాజమాన్యం ఆగలేదు

పనికీ స్థితికీ తేడా ఏంటో సిరిసిల్లలో చూద్దాం. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. నాలుగు సాంచాలున్న ఒక ఆసామి షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి సాంచాలు నడుస్తున్నాయి. ‘ద లూమ్స్ ఆర్ రన్నింగ్.’ ఇంతలో కరెంటు పోయింది. సాంచాలు ఆగిపోయాయి. ఇక ‘ఆర్ రన్నింగ్’ అనలేం. కరెంటు వచ్చాక మళ్లీ నడుస్తాయి, మళ్లీ ‘ఆర్ రన్నింగ్’ అవుతుంది.

మరి ఆ నాలుగు సాంచాలు ఆసామివే అన్న మాట సంగతేంటి? ‘హీ ఓన్స్ ఫోర్ లూమ్స్.’ కరెంటు పోయినప్పుడు ఆయన యాజమాన్యం కాసేపు ఆగలేదు. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నా సాంచాలు ఆయనవే. యాజమాన్యానికి మొదలుపెట్టడం, మధ్యలో ఉండటం, పూర్తి చేయడం అనే దశలు లేవు. రెండు గంటల సమయంలో ఎలా ఉందో రెండూ ఐదు నిమిషాలకూ అలాగే ఉంది.

‘ఇంగ్’ చేసే పని సరిగ్గా ఈ దశలతోనే ముడిపడి ఉంది. ‘ఆర్ రన్నింగ్’ అన్నప్పుడు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ల చెవికి మూడు సంగతులు వినిపిస్తాయి: పని మొదలైంది, ఇంకా మధ్యలో ఉంది, ఎప్పుడో ఆగుతుంది. ‘హీ ఈజ్ ఓనింగ్ ఫోర్ లూమ్స్’ అంటే, ఆయన యాజమాన్యం అనే పనిని ప్రస్తుతం చేస్తూ మధ్యలో ఉన్నట్టు వినిపిస్తుంది. అందుకే అది చెవికి ఎబ్బెట్టుగా తగులుతుంది. క్రియల్ని ఇలా స్థితులుగా, సాగే పనులుగా, ముగింపు ఉన్న పనులుగా విడదీసి చూపిన ప్రసిద్ధ వ్యాసం 1957లో జెనో వెండ్లర్ అనే తత్వవేత్త రాశారు. ఇప్పటికీ భాషాశాస్త్ర పాఠాలు అక్కడి నుంచే మొదలవుతుంటాయి.

కంప్యూటర్ సైన్స్ వాళ్లకైతే ఇంకా తేలిక. లూప్ నడుస్తుంది, మధ్యలో ఆపొచ్చు. వేరియబుల్‌లో ఉన్న విలువ నడవదు, ఊరికే అలా ఉంటుంది. రన్ లూప్ లాంటిది, ఓన్ వేరియబుల్‌లోని విలువ లాంటిది.

తెలుగుకు ఈ సంగతి ముందే తెలుసు

‘చదువు’కు ‘చదువుతున్నాను’ ఉంది. ‘రాయి’కి ‘రాస్తున్నాను’ ఉంది. ‘తెలుసు’కు? ‘నాకు జావా తెలుసుతోంది’ అని చిన్నపిల్లలు కూడా అనరు. ‘నాకు ఉద్యోగం కావాలి’లోని ‘కావాలి’ని, ‘నాకు ఇద్దరు చెల్లెళ్లున్నారు’లోని ‘ఉన్నారు’ను, ‘నాకు ఇష్టం’, ‘నాకు ఈత వచ్చు’ లాంటివాటిని కూడా అదే అర్థంతో ‘తున్నాను’ రూపంలోకి మార్చలేం. ఇంకో విశేషం చూడండి. ఇవన్నీ ‘నేను’తో కాకుండా ‘నాకు’తో మొదలవుతాయి. చేసేవాడు ‘నేను’, స్థితి కలిగినవాడికి ‘నాకు’. అంటే ఇది పని కాదని తెలుగు రెండు రకాలుగా చెబుతోంది.

కాబట్టి మొదటి పరీక్ష ఇది. చెప్పాలనుకున్న మాటను ముందు తెలుగులో అనుకోండి. అది తెలుసు, కావాలి, ఉంది, ఇష్టం, వచ్చు అనే మాటలతో ముగిస్తే ఇంగ్లిష్‌లో ‘ఇంగ్’ జోలికి పోకండి. ‘ఐ నో సి అండ్ జావా. ఐ హ్యావ్ టూ సిస్టర్స్. ఐ వాంట్ టు వర్క్ ఇన్ యువర్ కంపెనీ.’ మన అభ్యర్థి ఐదు వాక్యాల్లో మూడు ఇక్కడే చక్కబడ్డాయి. ఇంటర్వ్యూలో ‘ఐ వాంట్’ కాస్త పెడసరంగా అనిపిస్తే ‘ఐ వుడ్ లైక్ టు వర్క్’ అనండి. మర్యాద అలా తీసుకొస్తాం గానీ ‘ఇంగ్’తో కాదు.

మరి ‘తెలుసుకుంటున్నాను’ అనే మాట ఉంది కదా అంటారా? ఉంది. అసలు కిటుకు అక్కడే ఉంది. తెలుగులో ‘తెలుసు’ వేరు, ‘తెలిసింది’ వేరు, ‘తెలుసుకుంటున్నాను’ వేరు. మొదటిది స్థితి, రెండోది ఆ స్థితి మొదలైన క్షణం, మూడోది ఆ స్థితికి చేరడానికి చేస్తున్న పని. ఇంగ్లిష్ కూడా ఈ మూడింటినీ విడిగా ఉంచుతుంది, కాకపోతే మూడింటికీ వేర్వేరు క్రియలు వాడుతుంది. ‘నాకు పైథాన్ తెలుసు’ అంటే ‘ఐ నో పైథాన్’. ‘ఫలితాలు వచ్చాయని నిన్న తెలిసింది’ అంటే ‘ఐ ఫౌండ్ అవుట్ యెస్టర్‌డే’. ‘పైథాన్ నేర్చుకుంటున్నాను’ అంటే ‘ఐ యామ్ లర్నింగ్ పైథాన్’. అంటే మీకు నిజంగానే ‘ఇంగ్’ కావాలనిపించినప్పుడు, మీరు వెతుకుతున్న క్రియ నో కాదు, లర్న్. ఇంటర్వ్యూలో ఈ తేడా చిన్నది కాదు. ‘ఐ యామ్ నోయింగ్ పైథాన్’ అంటే ఎదుటివాళ్లకు మీకు పైథాన్ వచ్చా, ఇంకా నేర్చుకుంటున్నారా అన్న అనుమానం మిగులుతుంది.

తెలుగు దారి తప్పించే చోటు

ఇంతవరకు తెలుగు మన పక్షాన ఉంది. ఇప్పుడు ఎదురు తిరిగే చోటికి వద్దాం. మన అభ్యర్థి నాలుగో వాక్యం ‘ఐ యామ్ బిలీవింగ్ ఇన్ హార్డ్ వర్క్.’ తెలుగులో ‘కష్టపడటాన్ని నమ్ముతున్నాను’ అంటే తప్పేం లేదు. ఇంగ్లిష్‌లో మాత్రం ‘ఐ బిలీవ్ ఇన్ హార్డ్ వర్క్’ అనే అనాలి. నమ్మకం, అభిప్రాయం, అర్థం కావడం, కనిపించడం, వినిపించడం లాంటివాటికి తెలుగు ధారాళంగా ‘తున్నాను’, ‘తోంది’ వాడుతుంది. ఇంగ్లిష్ వీటిని స్థితుల్లో వేస్తుంది. మాటకు మాట తర్జుమా చేస్తే ఇక్కడే దొరికిపోతాం.

ఇది ఎక్కువగా బయటపడేది ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో. నెట్ నెమ్మదించి అవతలి గొంతు తెగిపోతుంది. మన నోటి నుంచి వెంటనే వచ్చేది ‘సర్, ఆర్ యూ హియరింగ్ మీ?’ తెలుగులో ‘వినిపిస్తోందా?’ కదా మరి. ఇంగ్లిష్‌లో అడగాల్సింది ‘క్యాన్ యూ హియర్ మీ?’ అని. మీకు వినిపించకపోతే ‘ఐ కాంట్ హియర్ యూ’ అనాలి, ‘ఐ యామ్ నాట్ హియరింగ్’ కాదు. ‘స్క్రీన్ కనిపిస్తోందా?’ అన్నది ‘క్యాన్ యూ సీ మై స్క్రీన్?’ అవుతుంది. చూపు, వినికిడి విషయంలో ఇంగ్లిష్ ‘ఇంగ్’ బదులు ‘క్యాన్’ను తెచ్చుకుంటుందన్న ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

అలాగే ‘మీరు చెప్పేది అర్థమవుతోంది’ అంటే ‘ఐ అండర్‌స్టాండ్’. ‘ఒప్పుకుంటున్నాను’ అంటే ‘ఐ అగ్రీ’. ‘ఈ జవాబు సరైనదే అనుకుంటున్నాను’ అంటే ‘ఐ థింక్ దిస్ ఆన్సర్ ఈజ్ రైట్’. గ్రూప్ డిస్కషన్‌లో ‘ఐ యామ్ అగ్రీయింగ్ విత్ యూ’ అని మొదలుపెట్టేవాళ్లు ఈ నాలుగు మాటలు గట్టిగా పలికి అలవాటు చేసుకోవాలి. ఇక్కడ తెలుగు పరీక్ష పనిచేయదు, చెవికి అలవాటు కావాల్సిందే.

‘మాది మెట్‌పల్లి’ని ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి?

మిగిలింది మొదటి వాక్యం. ‘మాది మెట్‌పల్లి.’ ఈ తెలుగు వాక్యంలో అసలు క్రియే లేదు. చెప్పాల్సింది అంతా రెండు మాటల్లో అయిపోయింది. ఇంగ్లిష్ మాత్రం క్రియ లేకుండా కదలదు. ఆ ఖాళీని నింపడానికి మనం ‘యామ్’ తెచ్చి పెడతాం. ఆ తర్వాత ‘చెందిన’ అనే మాట గుర్తొచ్చి బిలాంగ్ తెస్తాం. ‘యామ్’ పక్కన ఒట్టి ‘బిలాంగ్’ కుదరదు కాబట్టి దానికి ‘ఇంగ్’ తగిలిస్తాం. ఒక ఖాళీని పూడ్చబోయి మూడు మాటలు పోగేశాం.

ఆ ఖాళీకి ‘యామ్’ ఒక్కటే సరిపోతుంది. ‘ఐ యామ్ ఫ్రమ్ మెట్‌పల్లి.’ ఊరి గురించి చెప్పేటప్పుడు ఇదే అన్నిటికన్నా సహజమైన మాట. ‘ఐ బిలాంగ్ టు మెట్‌పల్లి’ వ్యాకరణపరంగా తప్పు కాదు గానీ ‘ఆ ఊరికి చెందినవాణ్ని’ అన్నంత బరువుగా ఉంటుంది. బిలాంగ్ ఎక్కువగా వాడేది వస్తువు ఎవరిదో చెప్పడానికి, లేదా ఎవరైనా ఏ సంఘానికి, ఏ బృందానికి చెందుతారో చెప్పడానికి. ‘దిస్ లూమ్ బిలాంగ్స్ టు మై అంకుల్.’ ‘ఈ సాంచె మా బాబాయిది’ అన్నమాట. ఇక్కడ కూడా తెలుగులో క్రియ లేదని గమనించండి. ‘మాది’, ‘ఆయనది’, ‘వాళ్లది’ అని వాక్యం ముగిస్తే అది స్థితి. అక్కడ ‘ఇంగ్’కు చోటు లేదు.

ఇదే వరసలో ఇంకొకటి. ‘ఐ లివ్ ఇన్ మెట్‌పల్లి’, ‘ఐ యామ్ లివింగ్ ఇన్ హైదరాబాద్’ రెండూ సరైనవే. మొదటిది స్థిర నివాసం, రెండోది ప్రస్తుతానికి ఉంటున్న చోటు. కోచింగ్ కోసం హాస్టల్లో ఉంటున్నవాళ్లకు రెండోది సరిగ్గా సరిపోతుంది. లివ్ రెండు రూపాల్లోనూ ఒదుగుతుంది, కానీ అర్థం మారుతుంది.

రెండు ముఖాల క్రియలు

కొన్ని క్రియలు ఒక అర్థంలో స్థితి, ఇంకో అర్థంలో పని. ఇందుకే జాబితాలు బట్టీ కొట్టినవాళ్లు కూడా తడబడతారు. మెట్‌పల్లి పసుపు మార్కెట్‌కి వెళ్దాం. కాంటా మీద బస్తా పెట్టారు. ‘బస్తా 60 కిలోలు తూగింది’ అంటాం. ‘బస్తా తూస్తున్నారు’ అని కూడా అంటాం. తూగేది బస్తా, తూచేది మనిషి. తెలుగులో రెండు వేర్వేరు క్రియలు. ఇంగ్లిష్‌లో రెంటికీ ఒకటే క్రియ, వెయ్. బస్తా బరువు చెప్పేటప్పుడు ‘ద బ్యాగ్ వెయ్స్ సిక్స్‌టీ కిలోస్’. బరువు స్థితి. కాంటా దించేసినా బస్తా బరువు ఆగదు. మనిషి తూచే పని చెప్పేటప్పుడు ‘హీ ఈజ్ వెయింగ్ ద బ్యాగ్’. ఇది పని, మధ్యలో ఆపొచ్చు. క్రియ ఒకటే అయినా సాంచె పరీక్ష రెండు అర్థాల్నీ విడదీసేసింది.

హ్యావ్ కూడా అంతే. ‘నాకు ఇద్దరు చెల్లెళ్లున్నారు’ అన్నప్పుడు స్థితి, కాబట్టి ‘ఐ హ్యావ్’. ‘అన్నం తింటున్నాను’ అన్నప్పుడు పని, కాబట్టి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ సరైనదే. థింక్ ‘నా అభిప్రాయం ఇది’ అనే అర్థంలో స్థితి, ‘ఆలోచిస్తున్నాను’ అనే అర్థంలో పని. జీతం ఆఫర్ విని ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ అంటే ఆలోచన ఇంకా సాగుతోందని. ఇలా ఒకే క్రియ అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఏం చేస్తున్నావ్?’ అన్నదానికి ఇది జవాబు అవుతుందా? ‘తింటున్నా’, ‘తూస్తున్నా’, ‘ఆలోచిస్తున్నా’ జవాబులే. ‘ఇద్దరు చెల్లెళ్లున్నారు’ ఆ ప్రశ్నకు జవాబు కాదు.

మరి ‘ఐయామ్ లవిన్ ఇట్’ సంగతి?

ఈ పాఠం చెప్పగానే ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఇది. మెక్‌డొనాల్డ్స్ 2003 నుంచి ఆ నినాదం వాడుతోంది కదా, లవ్ స్థితి కాదా అని. స్థితే. అందుకే ఆ నినాదం చెవిలో నిలిచింది. తింటున్న ఈ క్షణంలో ఆస్వాదిస్తున్నాను అన్న అర్థం కోసం, ఇష్టాన్ని కావాలనే ఒక పనిలా మార్చి చెప్పారు. మాటల్లో, ప్రకటనల్లో ఇలాంటి వాడకం ఉంది. నో, ఓన్, బిలాంగ్‌ల దగ్గర మాత్రం ఇంగ్లిష్ ఇంత పట్టువిడుపు చూపదు.

మన దేశంలో ‘ఐ యామ్ నోయింగ్’ తరహా వాడకం మన తెలుగువాళ్లదే కాదు, చాలా భాషలవాళ్లలో ఉంది. భారతీయ ఇంగ్లిష్ లక్షణంగా భాషావేత్తలు దాన్ని నమోదు చేశారు. కవి నిస్సిమ్ ఎజెకీల్ ఏకంగా ఆ యాసలోనే ‘గుడ్‌బై పార్టీ ఫర్ మిస్ పుష్ప టి.ఎస్.’ అనే కవిత రాశారు. కాబట్టి అలా మాట్లాడినవాళ్లను చూసి నవ్వాల్సిన పని లేదు. కానీ జవాబుల ‘కీ’ ఉన్న పరీక్షలో అది తప్పే, మార్కు పోతుంది.

పరీక్షలో ఇలా వస్తుంది

ఎస్ఎస్‌సీ, బ్యాంకు పరీక్షల్లో తప్పున్న భాగాన్ని గుర్తించమనే ప్రశ్నలు మీకు తెలిసినవే. ఈ నమూనా చూడండి. ‘ఐ యామ్ నోయింగ్ హిమ్ / ఫర్ టెన్ ఇయర్స్ / బికాజ్ హిజ్ షాప్ / బిలాంగ్స్ టు మై అంకుల్.’ నాలుగు భాగాలు. నాలుగో భాగంలో బిలాంగ్స్ స్థితి, సింపుల్‌లోనే ఉంది, సరైనదే. మూడో భాగంలో ఏమీ లేదు. రెండో భాగంలో ‘ఫర్ టెన్ ఇయర్స్’ కూడా సరైనదే. తప్పు మొదటి భాగంలో ఉంది.

దాన్ని ఎలా దిద్దాలి? ‘ఇంగ్’ తీసేసి ‘ఐ నో హిమ్’ అంటే సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు. చాలామంది రెండోసారి జారేది ఇక్కడే. తెలుగులో ‘ఆయన నాకు పదేళ్లుగా తెలుసు’ అంటాం. ‘పదేళ్లుగా’ అని చేర్చినా ‘తెలుసు’ మారదు. ఇంగ్లిష్‌లో మాత్రం అప్పటి నుంచి ఇప్పటిదాకా అన్న కాలం చేరగానే క్రియ ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లోకి వెళ్లాలి. ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్.’ పని చెప్పే క్రియ అయితే ఇక్కడ ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ అని ‘ఇంగ్’ వస్తుంది. నో స్థితి కాబట్టి ‘హ్యావ్ బీన్ నోయింగ్’ ఉండదు, ‘హ్యావ్ నోన్’ మాత్రమే. ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కనే ఇచ్చి పరీక్షిస్తుంటారు.

కాబట్టి ‘ఇంగ్’ ఉన్న భాగం కనిపించగానే వరసగా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ‘ఏం చేస్తున్నావ్?’కు జవాబు అవుతుందా? కాకపోతే ‘ఇంగ్’ తీసేయండి. తీసేశాక, వాక్యంలో ‘ఫర్’ లేదా ‘సిన్స్’తో ఇన్నాళ్లుగా అన్న కాలం ఉందా? ఉంటే ‘హ్యావ్’ లేదా ‘హ్యాజ్’ చేర్చి క్రియ మూడో రూపం పెట్టండి, లేకపోతే సింపుల్ ప్రెజెంట్ చాలు. ‘దే ఆర్ ఓనింగ్ దిస్ ల్యాండ్ సిన్స్ 1995’ అనే వాక్యాన్ని ఈ రెండు మెట్లూ ఎక్కించి చూడండి. ‘దే హ్యావ్ ఓన్డ్ దిస్ ల్యాండ్ సిన్స్ 1995’ దగ్గర ఆగితే, మీ లెక్క సరిపోయినట్టే.